ఫీల్డ్ సున్నా అయిన చోట పొటెన్షియల్ ఎంత? రెండు ద్రవ్యరాశుల లెక్క చేసే పద్ధతి

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం పొద్దున ఇద్దరు ముగ్గురు పిల్లలు ఫిజిక్స్ డౌట్లు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. అందరూ అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల పిల్లలే. పోయిన వారం ఫస్ట్ పీయూసీ చదివే అబ్బాయి ఒక బిట్టు తెచ్చాడు. ఇది 2011లో ఏఐఈఈఈ అనే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో వచ్చిన ప్రశ్న. m, 4m ద్రవ్యరాశులున్న రెండు వస్తువులు r దూరంలో ఉన్నాయి. వాటిని కలిపే గీత మీద గురుత్వ క్షేత్రం సున్నా అయ్యే చోట గురుత్వ పొటెన్షియల్ ఎంత? సున్నా, −4Gm/r, −6Gm/r, −9Gm/r అని నాలుగు ఆప్షన్లు.

వాడు చదవడం పూర్తవగానే "సున్నా" మీద టిక్కు పెట్టేశాడు. "ఫీల్డ్ లేదన్నాడు కదంకుల్, ఇంక పొటెన్షియల్ ఎక్కడ్నుంచి వస్తుంది?" అన్నాడు.

ఈ ప్రశ్న తయారు చేసినాయన పిల్లల తప్పుల్ని బాగా ఎరిగినవాడు. ఇందులోని మూడు తప్పు ఆప్షన్లూ మూడు వేర్వేరు పొరపాట్లకు సరిగ్గా వచ్చే జవాబులు. అందుకే ఈ ఒక్క లెక్కనే పట్టుకుని పద్ధతంతా చెబుతాను. మీరూ ఒక కాగితం, పెన్ను పక్కన పెట్టుకోండి.

మొదటి పని: బొమ్మ గీసి బాణాలు వేయండి

ఒక అడ్డగీత గీయండి. ఎడమ చివర m, కుడి చివర 4m రాయండి. మధ్యలో ఎక్కడో ఒక చుక్క పెట్టండి. ఆ చుక్క దగ్గర ఒక కిలో రాయి ఉందనుకోండి. m దాన్ని ఎడమకు లాగుతుంది, 4m కుడికి లాగుతుంది. ఆ రెండు బాణాలూ వేయండి. ఒకటి అటు, ఒకటి ఇటు. కాబట్టి ఎక్కడో ఒకచోట రెండూ సరిసమానమై ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. ఒక కిలో మీద పడే మొత్తం లాగుడే క్షేత్రం, అది సున్నా అయ్యే చోటే శూన్య బిందువు.

ఇప్పుడు చుక్కను m కి ఎడమవైపు, గీత బయట పెట్టి చూడండి. అక్కడ రెండు బాణాలూ కుడికే ఉంటాయి. రెండూ ఒకే వైపు లాగుతుంటే మొత్తం సున్నా ఎలా అవుతుంది? 4m కి కుడివైపున పెట్టినా ఇంతే, రెండూ ఎడమకే. గురుత్వాకర్షణకు లాగడం తప్ప తోయడం తెలియదు కాబట్టి శూన్య బిందువు ఎప్పుడూ రెండు వస్తువుల మధ్యే ఉంటుంది. విద్యుదావేశాల లెక్కల్లో అది బయట కూడా పడొచ్చు. ఆ రెండు పాఠాలూ ఒకే నెలలో చదివిన పిల్లలు ఇక్కడే తికమక పడతారు.

ఇంకో విషయం కూడా లెక్క మొదలుపెట్టే ముందే తెలిసిపోవాలి. ఆ చుక్క తేలికైన వస్తువుకు దగ్గరగా ఉండాలి. చిన్నవాడు పెద్దవాడితో సమానంగా లాగాలంటే దగ్గరికి వచ్చి లాగాలి మరి. చివర్లో జవాబు దీనికి విరుద్ధంగా వస్తే x ను ఏ వైపు నుంచి కొలిచారో మరిచిపోయారన్నమాట. అందుకే బొమ్మ మీదే రాసిపెట్టుకోండి: x అంటే తేలికైన దాని నుంచి దూరం. r − x అంటే బరువైన దాని నుంచి దూరం.

రెండో పని: సమానం చేసి, విస్తరించకుండా వర్గమూలం తీయండి

రెండు లాగుళ్లూ సమానం అని రాద్దాం:

```
Gm / x²  =  G(4m) / (r − x)²
```

G, m రెండు వైపులా పోతాయి. ఇక్కడ చాలామంది అడ్డగుణకారం చేసి, (r − x)² ను విస్తరించి, వర్గ సమీకరణం తయారు చేసి, సూత్రం వేసి సాధిస్తారు. అలా చేసినా జవాబొస్తుంది, కానీ అనవసరపు చాకిరీ. రెండు వైపులా నేరుగా వర్గమూలం తీసేయండి:

```
1 / x  =  2 / (r − x)
r − x  =  2x
x      =  r / 3
```

అంటే తేలికైన దాని నుంచి r/3, బరువైన దాని నుంచి 2r/3. దూరాల నిష్పత్తి 1:2. ద్రవ్యరాశుల నిష్పత్తి 1:4. దూరాలు ద్రవ్యరాశుల వర్గమూలాల నిష్పత్తిలో ఉన్నాయి. ఏ రెండు ద్రవ్యరాశులిచ్చినా ఇంతే.

విస్తరించి చేసేవాళ్లకు ఒక చిక్కుంది. 3x² + 2rx − r² = 0 వస్తుంది. దీనికి రెండు మూలాలు: x = r/3, x = −r. మా అబ్బాయి −r ను "మైనస్ దూరం ఉండదు" అని కొట్టేశాడు. కొట్టేయడం సరే, కారణం మాత్రం అది కాదు. −r అంటే m కి ఎడమవైపున r దూరంలో ఉన్న చోటు. అది నిజంగా ఉన్న చోటే. అక్కడ m లాగుడు Gm/r². 4m అక్కడికి 2r దూరంలో ఉంది కాబట్టి దాని లాగుడు 4Gm/4r², అంటే మళ్లీ Gm/r² నే. రెండూ పరిమాణంలో సమానమే, అందుకే సమీకరణం దాన్ని కూడా పట్టుకొచ్చింది. కానీ రెండూ ఒకే దిక్కుకు లాగుతున్నాయి. అక్కడ క్షేత్రం సున్నా కాదు, 2Gm/r². వర్గం చేసినప్పుడు దిక్కు పోయింది, సమీకరణానికి దిక్కు తెలియదు. దాన్ని గుర్తుపెట్టుకోవడానికే మొదట బాణాలు గీయమన్నది.

మూడో పని: పొటెన్షియల్‌ను కూడండి, తీసేయకండి

అసలు బోల్తా పడేది ఇక్కడే. క్షేత్రానికి దిక్కుంది కాబట్టి ఎదురెదురుగా ఉన్నవి పోటీపడి కొట్టుకుపోయాయి. పొటెన్షియల్‌కు దిక్కు లేదు. అది ఒట్టి సంఖ్య. ఒక కిలో వస్తువును ఎక్కడో అనంత దూరం నుంచి తెచ్చి అక్కడ పెడితే దాని ఖాతాలో ఎంత శక్తి అప్పు పడుతుందో ఆ లెక్క. m దగ్గర కొంత అప్పు, 4m దగ్గర కొంత అప్పు. ఇద్దరి దగ్గర చేసిన అప్పులు ఒకదాన్నొకటి తీర్చవు, కలిసి పెరుగుతాయి.

```
m వల్ల:   −Gm / (r/3)     =  −3Gm/r
4m వల్ల:  −4Gm / (2r/3)   =  −6Gm/r
మొత్తం:                      −9Gm/r
```

జవాబు −9Gm/r.

ఇప్పుడు తప్పు ఆప్షన్లు చూడండి. సున్నా పెట్టినవాళ్లు క్షేత్రాన్నీ పొటెన్షియల్‌నీ ఒకటే అనుకున్నారు. −6Gm/r పెట్టినవాళ్లు పెద్ద వస్తువును మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు, "చిన్నదేలే" అని m ను వదిలేశారు. కానీ చిన్నది దగ్గరగా ఉంది కాబట్టి దాని వాటా 3, అంటే మొత్తంలో మూడో వంతు. ఇక −4Gm/r. దీని కథ వేరు, దాని దగ్గరికి నాలుగో పనిలో వస్తాను.

దీన్నంతా ఒక్క వరుసలో తేల్చే సూత్రం కూడా ఉంది. M, m ద్రవ్యరాశులు, మధ్య దూరం d అయితే శూన్య బిందువు దగ్గర:

```
V = −G (√M + √m)² / d
```

M బదులు 4m పెట్టండి. √4m + √m అంటే 3√m, దాని వర్గం 9m. అదే జవాబు. దీన్ని బట్టీ పట్టమని చెప్పను, కానీ పొడుగు దారిలో వచ్చిన జవాబును సరిచూసుకోవడానికి బాగా పనికొస్తుంది. అందులో రెండు వర్గమూలాలూ కలుస్తున్నాయే తప్ప తీసివేత ఎక్కడా లేదు, కాబట్టి ఆ చోట పొటెన్షియల్ ఎప్పటికీ సున్నా కాదని కూడా అదే చెబుతోంది.

వాలు వేరు, ఎత్తు వేరు

సూత్రంతో జవాబొచ్చినా మా అబ్బాయి మొహంలో తృప్తి లేదు. అప్పుడు వాడికి బెంగళూరు వాన గురించి చెప్పాను.

ఈ ఊరు ఒక గట్టు మీద ఉంది. బసవనగుడి వైపు పడిన వాన వృషభావతిలోకి, దాని నుంచి అర్కావతిలోకి, అటు నుంచి కావేరికి పోతుంది. మా మారతహళ్లి వైపు పడిన వాన బెళ్లందూరు చెరువు, వర్తూరు చెరువు దాటి దక్షిణ పినాకినిలో కలుస్తుంది. అంటే ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒక శిఖ ఉండాలి. సరిగ్గా దాని మీద పడిన చినుకుకు అటూ వాలు లేదు, ఇటూ వాలు లేదు. వాలు సున్నా. అలాగని అక్కడ ఎత్తు కూడా సున్నా అంటామా? సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉన్నాం.

క్షేత్రం అంటే వాలు. పొటెన్షియల్ అంటే ఎత్తు. శూన్య బిందువు అంటే రెండు లోయల మధ్య ఉన్న శిఖ. వాలు సున్నా అవడమంటే అక్కడ ఎత్తు మారడం ఒక్క క్షణం ఆగిందని అర్థం, ఎత్తు లేదని కాదు. మన లెక్కలో ఎత్తు కొలిచే సున్నా గీత అనంతంలో, అన్నిటికన్నా పైన ఉంది. అందుకే ఎక్కడ కొలిచినా మైనస్సే వస్తుంది. శిఖ కూడా ఆ గీతకు కిందే.

ఖచ్చితంగా చెప్పాలంటే శిఖ కన్నా కనుమ అనడం ఇంకా సరైన పోలిక. కనుమ దారిలో వెళ్లేవాడికి అదే అన్నిటికన్నా ఎత్తైన చోటు, దారికి పక్కలకు చూస్తే మాత్రం అదే అన్నిటికన్నా పల్లం. శూన్య బిందువు కూడా అంతే. అక్కడున్న రాయిని గీత వెంబడి కొంచెం జరిపితే అది ఏదో ఒక వస్తువు వైపు జారిపోతుంది. గీతకు పక్కకు జరిపితే రెండు వస్తువులూ కలిసి దాన్ని మళ్లీ గీత మీదికే లాగుతాయి. కాబట్టి "క్షేత్రం సున్నా, రాయి అక్కడే కదలకుండా ఉండిపోతుంది" అని రాయకండి. పెన్సిల్‌ను మొన మీద నిలబెట్టినట్టే ఉంటుంది వ్యవహారం.

నాలుగో పని: జంట శక్తిని విడిగా పెట్టండి

ఇప్పుడు −4Gm/r సంగతి. m, 4m రెండూ r దూరంలో ఉన్నందుకు ఆ జంటకు ఒక స్థితిజ శక్తి ఉంది:

```
U = −G (m)(4m) / r = −4Gm²/r
```

ఆప్షన్‌లో ఉన్నది దీనిలాగే కనిపిస్తుంది, ఒక m తక్కువంతే. హడావిడిలో జంట శక్తి సూత్రం రాసి, జవాబుల్లో ఒక m తక్కువున్నా సర్దుకుపోయి టిక్కు పెట్టే పిల్లల కోసం వేసిన వల అది. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. జవాబులో ద్రవ్యరాశి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఒక్కసారి వస్తే అది ఒక చోటుకు చెందిన పొటెన్షియల్, కిలోకు ఇన్ని జౌళ్లు. రెండుసార్లు వస్తే అది జంట శక్తి, ఒట్టి జౌళ్లు. రెంటినీ ఎప్పుడూ కూడకండి. కిలోకి నలభై రూపాయలున్న టమాటా ధరనూ చేతిలోని బిల్లునూ కలిపి మొత్తం చెప్పినట్టుంటుంది.

జంట శక్తిలో తరచుగా వచ్చే తప్పు రెండుసార్లు లెక్కపెట్టడం. "m కి 4m వల్ల −4Gm²/r, 4m కి m వల్ల ఇంకో −4Gm²/r, మొత్తం −8" అంటారు. కాదు. ఈ శక్తి m ది కాదు, 4m దీ కాదు, వాటి మధ్య ఉన్న సంబంధానిది. ఇద్దరి మధ్య ఒక్క అప్పు పత్రం ఉన్నప్పుడు ఇద్దరి దగ్గరా కాపీలున్నాయని అప్పు రెట్టింపు కాదు కదా. ఎన్ని జంటలుంటే అన్ని పదాలు, అంతే. రెండు వస్తువులకు ఒకటి, మూడు వస్తువులకు మూడు.

ఆ మైనస్‌కు అర్థం కూడా తెలుసుకోండి. ఈ రెంటినీ పూర్తిగా విడదీసి అనంత దూరానికి తీసుకుపోవాలంటే మనం 4Gm²/r పని చేయాలి. దూరాన్ని రెట్టింపు చేస్తే చాలంటే అందులో సగం, 2Gm²/r. అదే వాటిని కదలకుండా పట్టుకుని వదిలేస్తే దగ్గరికొస్తూ గతిశక్తి సంపాదిస్తాయి. దూరం సగమయ్యేసరికి 4Gm²/r శక్తి విడుదలవుతుంది. దాన్ని రెంటికీ పంచాలి. ద్రవ్యవేగాలు సమానం కాబట్టి తేలికైనదానికి అయిదింట నాలుగు వంతులు, బరువైనదానికి ఒక వంతు. మొత్తం ఒక్క దానికే ఇచ్చేయడం భూమి మీద పడే రాయి విషయంలో చెల్లుతుంది. అక్కడ భూమి వాటా లెక్కలోకి రానంత చిన్నది. 1:4 దగ్గర ఆ పప్పులుడకవు.

ఇప్పుడు శూన్య బిందువు దగ్గర మూడో వస్తువు, ద్రవ్యరాశి μ అనుకుందాం, తెచ్చి పెట్టారు. మొత్తం శక్తి ఎంత? జంట శక్తి −4Gm²/r, దానికి μ ను −9Gm/r తో గుణించి కలపండి. మొదటిది ఎప్పటినుంచో ఉన్న బాకీ, రెండోది కొత్తగా వచ్చినవాడు చేసింది. ఈ విడదీత అలవాటైతే తర్వాతి లెక్క నీళ్లు తాగినంత సులువు.

భూమి, చంద్రుడు: అసలు ఈ చుక్క ఎందుకు?

"చంద్రుడి మీద పడాలంటే ఒక వస్తువును కనీసం ఎంత వేగంతో విసరాలి?" అనే ప్రశ్నకు జవాబు శూన్య బిందువులోనే ఉంది. చంద్రుడి దాకా మోయనక్కర్లేదు. కనుమ దాటిస్తే చాలు, అవతలి లోయలోకి అదే జారిపోతుంది.

భూమి ద్రవ్యరాశి 5.97 × 10²⁴ కిలోలు, చంద్రుడిది 7.35 × 10²² కిలోలు. నిష్పత్తి దాదాపు 81. వర్గమూలం 9. నోటి లెక్కకు ఇంత అనువైన నిష్పత్తి దొరకడం మన అదృష్టమే. దూరాన్ని 9:1 గా విడగొట్టాలి, అంటే పది భాగాల్లో తొమ్మిది భూమి వైపు. సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు కాబట్టి శూన్య బిందువు భూమి కేంద్రం నుంచి దాదాపు 3,46,000 కిలోమీటర్ల దగ్గర, చంద్రుడి కేంద్రం నుంచి 38,400 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. దూరాలన్నీ కేంద్రాల నుంచి కొలవాలి, ఉపరితలం నుంచి కాదు. చుక్క రెండు గోళాలకూ బయటే పడింది కాబట్టి వాటిని బిందువులుగా తీసుకోవడం సరే. ఏదైనా లెక్కలో అది గోళం లోపల పడితే ఈ సూత్రాలు అక్కడ చెల్లవు.

ఇక కిలోకు మెగాజౌళ్లలో ఎత్తులు చూద్దాం. భూమి ఉపరితలం మీద భూమి వల్ల −62.57, చంద్రుడి వల్ల −0.01, మొత్తం −62.58. శూన్య బిందువు దగ్గర భూమి వల్ల −1.15, చంద్రుడి వల్ల −0.13, మొత్తం −1.28. తేడా 61.30. ఒక కిలో వస్తువును కనుమ మీదికి ఎక్కించడానికి కావలసిన గతిశక్తి అది. ½v² = 61.3 × 10⁶ అని రాస్తే v సెకనుకు 11.07 కిలోమీటర్లు వస్తుంది. భూమి పలాయన వేగం 11.19. తేడా ఇంత తక్కువేమిటని నిరాశపడకండి. భూమి లోతు 62 కాగా కనుమ సున్నా గీతకు 1.28 మాత్రమే కింద ఉంది. ఎక్కాల్సిన మెట్లన్నీ మొదట్లోనే ఉన్నాయి.

చంద్రుడి వైపు నుంచి తిరుగు ప్రయాణం చేస్తే తేడా బాగా కనిపిస్తుంది, తప్పులు కూడా అక్కడే బయటపడతాయి. చంద్రుడి మీద చంద్రుడి వల్ల −2.82, భూమి వల్ల −1.04, మొత్తం −3.86. కనుమకు ఎక్కాల్సింది 2.58. వేగం 2.27 కిలోమీటర్లు. చంద్రుడి పలాయన వేగం 2.38. మా అబ్బాయి ఇక్కడ భూమి వాటా 1.04 ను వదిలేశాడు. కనుమ దగ్గర మాత్రం రెండు వాటాలూ వేశాడు. దాంతో వాడికి 1.76 వచ్చింది. ఒక చోట ఎవరెవరిని లెక్కపెట్టామో రెండో చోట కూడా వాళ్లందరినీ లెక్కపెట్టాలి. భూమి ఉపరితలం దగ్గర చంద్రుణ్ణి వదిలేసినా ఏమీ కాలేదని అలవాటు పడితే, చంద్రుడి దగ్గర భూమిని వదిలేసినప్పుడు దెబ్బ తగులుతుంది.

మరి భూమి, చంద్రుల జంట శక్తి ఏమైంది? అది దాదాపు −7.6 × 10²⁸ జౌళ్లు. మన రాయి శక్తితో పోలిస్తే ఎంతో పెద్దది, కానీ ఈ లెక్కలో ఎక్కడా రాలేదు. రాయి కదులుతున్నంతసేపూ భూమికీ చంద్రుడికీ మధ్య దూరం మారలేదని అనుకున్నాం కాబట్టి ఆ పదం మొదట్లోనూ చివర్లోనూ ఒకటే, కొట్టుకుపోతుంది. జంట శక్తి ఎప్పుడు వాడాలో తేల్చుకోవడానికి ఇదే గుర్తు. జంట మధ్య దూరం మారుతుంటే వాడండి, లేకపోతే వదిలేయండి.

ఈ లెక్క ఎక్కడిదాకా చెల్లుతుంది

మనం భూమి, చంద్రుడు రెండూ కదలకుండా నిలబడ్డాయనుకున్నాం. గాలినీ, భూమి తిరుగుడునూ వదిలేశాం. వేగమంతా నేల మీదే ఒక్కసారిగా ఇచ్చేశాం. నిజం రాకెట్ అలా పోదు. చంద్రయాన్-3 ని 2023 జూలై 14న పంపాక భూమి చుట్టూ కక్ష్యను మెల్లగా పెంచుకుంటూ పోయారు. ఆగస్టు 1న ఇచ్చిన తోపుతో అది భూమికి అతి దగ్గరగా 288, అతి దూరంగా 3,69,328 కిలోమీటర్ల ఎత్తున్న కక్ష్యలో పడింది. మన ఊళ్లోనే పీణ్యాలో ఉన్న ఇస్రో వాళ్ల ఇస్ట్రాక్ కేంద్రం నుంచి దాన్ని నడిపారు. ఆ రెండో అంకె మన శూన్య బిందువు కన్నా పైన ఉందని చూడగానే మా అబ్బాయికి హుషారొచ్చింది. కానీ చంద్రుడు కదులుతూ ఉంటాడు కాబట్టి ఆ నౌక మన చుక్క గుండా పోయిందనుకోకూడదు. చంద్రుడు ఎప్పుడు ఎక్కడుంటాడో చూసుకుని గురిపెట్టారు. ఆగస్టు 5న బ్రేకు వేస్తేనే చంద్రుడి కక్ష్యలో నిలిచింది.

తిరిగే రెండు పెద్ద వస్తువులతో పాటు ఒక చిన్న వస్తువు అదే అమరికలో తిరగగలిగే చోటును లాగ్రాంజ్ బిందువు అంటారు. దాన్ని శూన్య బిందువుతో కలిపేయడం పిల్లల్లోనే కాదు, వార్తల్లోనూ కనిపిస్తుంది. ఆ బిందువుల్లో రెండు వస్తువుల మధ్య ఉండే ఎల్1 దగ్గర "రెండు ఆకర్షణలూ సమానం" అని రాసేస్తారు. కావు. భూమి, చంద్రుల మధ్య ఎల్1 చంద్రుడి నుంచి దాదాపు 58,000 కిలోమీటర్ల దగ్గర ఉంది, మన చుక్క 38,400 దగ్గర. ఎల్1 దగ్గర ఆకర్షణలు సమానం కాదు. వాటి మధ్య మిగిలే తేడా ఆ వస్తువును భూమి, చంద్రులతో పాటు అదే నెల వేగంతో తిప్పడానికి సరిగ్గా సరిపోతుంది.

సూర్యుడూ భూమీ తీసుకుంటే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సూర్యుడు భూమికి దాదాపు 3,33,000 రెట్లు. వర్గమూలం 577. సుమారు 15 కోట్ల కిలోమీటర్లను 578 భాగాలు చేస్తే ఒక భాగం దాదాపు 2,59,000 కిలోమీటర్లు. శూన్య బిందువు భూమికి అంత దగ్గర. 2024 జనవరి 6న ఇస్రో సూర్య పరిశోధన నౌక ఆదిత్య-ఎల్1 చేరుకున్న చోటు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది.

అబ్బాయి 2,59,000 అని రాసి, కొంచెం సేపు దాన్నే చూసి, "అంకుల్, చంద్రుడు 3,84,000 దూరంలో ఉన్నాడు కదా. అంటే వాడు ఈ చుక్క అవతల ఉన్నట్టే. సూర్యుడు లాక్కుపోవాలి కదా?" అన్నాడు.

అవును, చంద్రుణ్ణి సూర్యుడే ఎక్కువ లాగుతున్నాడు, భూమి కన్నా దాదాపు 2.2 రెట్లు. కానీ సూర్యుడు భూమిని కూడా దాదాపు అదే త్వరణంతో లాగుతున్నాడు. ఇద్దరూ కలిసి సూర్యుడి చుట్టూ పడుతూనే ఉన్నారు. చంద్రుణ్ణి భూమి నుంచి విడదీయడానికి పనికొచ్చేది ఆ రెండు లాగుళ్ల మధ్య తేడా మాత్రమే. అది భూమి లాగుడులో తొంభయ్యో వంతు. అంటే ఇక్కడ అడగాల్సింది శూన్య బిందువు ఎక్కడుందని కాదు. వాడు కాగితం మీద ఆ తేడా లెక్క మొదలుపెట్టాడు, ఇంతలో కింద నుంచి వాళ్లమ్మ ఇడ్లీలు చల్లారిపోతున్నాయని కేకేసింది.